పిల్లి కన్ను మళ్లీ మళ్లీ ఎర్రబడుతుంటే వారం వెనక్కి చూడండి

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు. రెండు మూడు నెలలకోసారి ఎడమ కన్ను సగం మూసుకుపోయి నీళ్లు కారుతున్నాయి. డ్రాప్స్ వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. హెర్పిస్ వైరస్, పూర్తిగా పోదు, స్ట్రెస్ లేకుండా చూసుకోండి అన్నారు డాక్టర్. ఇంట్లోనే ఉండే పిల్లికి స్ట్రెస్ ఏముంటుందో నాకు అర్థం కావట్లేదు. దీపావళి దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఈ సమస్య దాటినవాళ్లు ఎవరైనా చెప్తారా? (కూకట్‌పల్లి)

జవాబు:

మా పిల్లి గవ్వకి కూడా ఎడమ కన్నేనండి. రాంనగర్‌లో ఉన్నప్పుడు మెట్ల కింద దొరికింది, అప్పటికే తుమ్ములు, కళ్లకు పుసులు. ఇప్పుడు దానికి ఆరేళ్లు. మీ డాక్టర్ చెప్పింది నిజమే, ఈ వైరస్ పోదు. చిన్నప్పుడు జలుబులా వచ్చి తగ్గాక ముఖానికి వెళ్లే నరం మొదట్లో దాక్కుంటుంది. పిల్లి ఒంట్లో ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడి నుంచి మళ్లీ కంటికి దిగుతుంది. టీకా వేయించినా లోపల దాక్కున్నదాన్ని తీసెయ్యలేదు, జబ్బు తీవ్రతను మాత్రం తగ్గిస్తుంది.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. ఒత్తిడి కలిగిన రోజే కన్ను ఎర్రబడదు. వైరస్ మేల్కొని బయటపడడానికి సుమారు వారం పడుతుంది, ఒక్కోసారి నాలుగు రోజులు, ఒక్కోసారి పదకొండు. అందుకే మనకు కారణం దొరకదు. కన్ను మూసుకున్న రోజు ఇంట్లో అంతా మామూలుగానే ఉంటుంది కదా, ఏ కారణం లేకుండానే వచ్చింది అనుకుంటాం.

మా వంటింట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంది. గవ్వ కన్ను పాడైనప్పుడల్లా దాని మీదే ఎర్ర పెన్నుతో ‘క’ అని రాయడం మొదలుపెట్టాను. ఏడెనిమిది నెలల్లో నాలుగు ‘క’లు పడ్డాయి. జనవరి చివర్లో కూర్చుని ఒక్కోదాని నుంచి వారం పది రోజులు వెనక్కి లెక్కపెట్టాను. జూన్ 19కి ఎనిమిది రోజుల ముందు తార్నాకకు ఇల్లు మారాం. రెండోది దీపావళి అయిన ఏడో రోజు. నాలుగోది జనవరి 20, దానికి ఎనిమిది రోజుల ముందు సంక్రాంతికి ఊరెళ్తూ గవ్వను బోర్డింగ్‌లో వదిలాం. ఊరి నుంచి వచ్చి ఇంటికి తెచ్చుకున్నప్పుడు బాగానే ఉంది, ఆ తర్వాత మూడు రోజులకు కన్ను మూసుకుంది. బోర్డింగ్‌లో ఏదో అంటించారని నేను వాళ్ల మీద కోపం పెంచుకున్నాను కూడా. అది అంటుకున్నది కాదు, దాని లోపలిదే.

మూడోదానికే కారణం దొరకలేదు. డిసెంబర్ మొదటి వారం. చుట్టాలు రాలేదు, ఎక్కడికీ వెళ్లలేదు, తిండి మార్చలేదు.

అది ఫిబ్రవరిలో బయటపడింది. తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లు తాగుదామని లేచాను. బాల్కనీ గాజు తలుపు దగ్గర గవ్వ నేలకు అతుక్కుని కూర్చుంది. చెవులు వెనక్కి, తోక లావుగా. బయట ఏసీ బాక్సు మీద మెడ లావుగా ఉన్న ఒక ఎర్ర గండుపిల్లి తాపీగా కూర్చుని దీన్నే చూస్తోంది. గ్రిల్ మూల పసుపు మరకలు, ఘాటైన వాసన. అంతకుముందు చూసి వాన నీళ్ల మరకలనుకున్నాను. వాచ్‌మన్ అన్నని అడిగితే, కార్తీకం నుంచి రోజూ వస్తోందమ్మా, కింద పెరుగన్నం పెడుతున్నారు కదా అన్నాడు. అంటే మేం నిద్రపోతున్న వేళ దాదాపు ప్రతిరోజూ గవ్వకి అదొక యుద్ధం. ఇంట్లోనే ఉండే పిల్లికి స్ట్రెస్ ఏముంటుంది అన్నారు కదా, మా ఇంట్లో అది గాజు తలుపు అవతలే ఉంది.

గాజుకి కింద నుంచి రెండున్నర అడుగుల దాకా అవతలిది కనబడని తెల్ల స్టిక్కర్ అంటించాం. అన్నం గిన్నెను బిల్డింగ్ వెనక గోడ దగ్గరికి మార్పించాం, ఆ పిల్లి కడుపు కొట్టే ఉద్దేశం మాకు లేదు. గ్రిల్‌ని బట్టల సబ్బు పొడి నీళ్లతో, తర్వాత వెనిగర్‌తో కడిగాను. ఫినాయిల్ మాత్రం వాడకండి, అలాంటి మందులు పిల్లులకు విషం. గవ్వకి వీధి కనబడాలి కాబట్టి కిటికీ పక్కన బీరువా మీద పాత దుప్పటి పరిచాం. పైనుంచి చూస్తే పిల్లికి ధైర్యంగా ఉంటుంది. ఆ తర్వాత పద్నాలుగు నెలల్లో రెండే ‘క’లు పడ్డాయి, రెండూ తేలికవే. పూర్తిగా పోలేదు, పోతుందని మీకూ చెప్పను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. జూన్‌లో కన్ను ఎర్రబడినప్పుడు ఇల్లు సర్దే హడావుడిలో ఉన్నాం. అమ్మకు శుక్లాల ఆపరేషన్ తర్వాత మిగిలిన చుక్కల మందు ఫ్రిజ్‌లో ఉంటే అదే వేశాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, పని చేసిందనుకున్నాను. నాలుగో రోజు గవ్వ కన్ను తెరవనే లేదు. డాక్టర్ నారింజ రంగు కాగితపు పట్టీని తడిపి కంటికి తాకించి, నీలం లైటు వేసి నాకూ చూపించారు. కంటి నల్లగుడ్డు మీద ఎండిన కొమ్మలా చీలిన సన్నటి ఆకుపచ్చ గీతలు, మధ్యలో ఒక మచ్చ. అది పుండు. నేను వేసిన మందులో స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపును అణిచేస్తుంది, వైరస్‌ను అడ్డుకునే శక్తినీ అణిచేస్తుంది. ఆ పుండు మానడానికి దాదాపు నెల పట్టింది, ఇప్పటికీ వెలుతురులో చూస్తే చిన్న పొగమచ్చ కనబడుతుంది. సీసా మీద సన్నటి అక్షరాల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ అని ఏది ఉన్నా, రంగు పరీక్ష చేయకుండా ఆ కంట్లో వేయనివ్వకండి. ‘డ్రాప్స్ వేస్తే తగ్గుతుంది’ అంటున్నారు కాబట్టి మీ సీసా కూడా ఒకసారి తిప్పి చదవండి.

మందు విషయంలో మాకు పనికొచ్చింది ఫామ్‌సైక్లోవిర్ మాత్ర. ఇది మనుషుల మందే. డాక్టర్ బరువు తూచి, రక్తపరీక్షలో కిడ్నీలు చూసి, కిలోకు 90 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు రెండుసార్లు రాశారు. గవ్వ మూడున్నర కిలోలు, అంటే పూటకు 250 మాత్ర ఒకటీ, ఇంకో దాంట్లో పావు ముక్క. మీ పిల్లి లెక్క మీ డాక్టరే వేయాలి. మెడికల్ షాపులో అది లేదు, దీని బదులు ఇది తీసుకోండి అని వాలసైక్లోవిర్ ఇస్తే మాత్రం తీసుకోకండి. పేర్లు దగ్గరగా ఉంటాయి కానీ అది పిల్లి ప్రాణం తీస్తుంది. ఎసైక్లోవిర్ మాత్రలు కూడా పిల్లులకు వద్దు, వాటికి పడవు.

లైసిన్ పేస్టు గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మేం ఏడాది వాడాం. 2015లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, అది పిల్లుల్లో ఈ వైరస్‌ను ఆపుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు. రోజూ గవ్వను పట్టుకుని నోరు తెరిపించి పూయడమే దానికి ఒక ఒత్తిడి, అందుకే మానేశాం.

దీపావళి సంగతి. టపాకాయల మోత మన చేతిలో లేదు, పిల్లి ఎక్కడ ఉండాలన్నది మన చేతిలో ఉంది. పండగకు పది రోజుల ముందే రోడ్డు వైపు కాని ఒక గది ఎంచుకోండి. మంచం కింద లేదా బీరువా పక్కన అట్టపెట్టెను అడ్డంగా పడుకోబెట్టి, అది రోజూ పడుకునే దుప్పటి ఉతక్కుండానే అందులో వేయండి, దాని వాసన అందులో ఉండాలి. అన్నం గిన్నె, నీళ్లు, లిట్టర్ ట్రే కూడా అదే గదిలో, ట్రే మాత్రం అన్నానికి దూరంగా. పండగ రోజు కొత్త గదిలో పెట్టి తలుపేస్తే అదే ఒక భయం, ముందే అలవాటైతే తనే వెళ్లి దూరుతుంది. ఆ రోజు చీకటి పడకముందే తిండి పెట్టి కిటికీలు మూసి, కూలర్ లేదా ఫ్యాన్ వేసి ఉంచండి. పెట్టెలో దాక్కుంటే బయటికి లాగి ఒళ్లో పెట్టుకుని ఓదార్చకండి. మొదటి ఏడాది నేను అలాగే చేశాను, ప్రేమతోనే, కానీ దాక్కోవడమే పిల్లి తన భయాన్ని తగ్గించుకునే పద్ధతి. పక్కన నేల మీద కూర్చోండి చాలు. ఆ రెండు వారాల్లో టీకా, స్నానం, ఇంటికి రంగులు, కొత్త పిల్లిని తేవడం ఏవీ పెట్టుకోకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే బుట్టను కూడా అటక మీద నుంచి దించి హాల్లోనే ఉంచండి. మాది ఎప్పుడూ తలుపు తీసే ఉంటుంది, ఎండు చేప ముక్క అందులోనే వేస్తాం. ఇప్పుడు బుట్ట చూస్తే గవ్వ పారిపోదు, అందుకే కన్ను బాగోలేని రోజున ఆలస్యం చేయకుండా తీసుకెళ్లగలుగుతున్నాం.

పండగ అయ్యాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. నాలుగో రోజు నుంచి పదకొండో రోజు దాకా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో పొద్దున్నే కిటికీ వెలుతురులో రెండు కళ్లూ పోల్చి చూడండి. ఒకటి కొంచెం చిన్నగా తెరుచుకున్నా, లోపలి మూల నుంచి తెల్లటి పొర పైకి వచ్చినా అదే మొదటి గుర్తు, నీళ్లు తర్వాత కారతాయి. నల్లగుడ్డు మసకబారినా, కన్ను అసలు తెరవకపోయినా, గోధుమ లేదా నల్ల మచ్చ కనబడినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ముఖం చదునుగా ఉండే పర్షియన్ అయితే ఆ నల్లమచ్చ ఇంకా తొందరగా వస్తుంది. మా డాక్టర్ మొదటి గుర్తు కనబడగానే మాత్ర మొదలుపెట్టి రెండు రోజుల్లో రంగు పరీక్షకు రమ్మన్నారు, మీ డాక్టర్ని కూడా ముందే అడిగి పెట్టుకోండి. పండగ సెలవుల్లో ఫామ్‌సైక్లోవిర్ కోసం మేం మూడు షాపులు తిరిగాం. ఆ చీటీ ఇప్పుడే రాయించుకుని ఒక స్ట్రిప్పు తెచ్చి పెట్టుకోండి.