హోటల్‌లో వచ్చిన నష్టం క్యాటరింగ్ లాభంలో సర్దుకోవచ్చా?

ప్రశ్న: తెనాలిలో హోటల్ పెట్టి చేతులు కాల్చుకున్నాను. 2022-23లో 6,40,000 రూపాయల నష్టం, అందులో ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, ఫర్నిచర్ మీద తరుగుదల 1,40,000. ఆ రిటర్ను 2023 జూలై 28న వేశాను. 2023-24లో 2,60,000 నష్టం, అందులో తరుగుదల 80,000. ఈ రిటర్ను మాత్రం డిసెంబరులో వేశాను. హోటల్ మూసేసి ఏడాది పాటు ఉద్యోగం చేశాను. 2025-26లో క్యాటరింగ్ మొదలుపెడితే అన్ని ఖర్చులూ పోను 16 లక్షలు మిగిలింది. మూసేసిన వ్యాపారం నష్టం చెల్లదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇకముందు వ్యాపారాన్ని మా ఆవిడ పేరు మీదకు మార్చాలనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీకు చెప్పినవాళ్లది పాతికేళ్ల కిందటి మాట. ఏ వ్యాపారంలో నష్టం వచ్చిందో అదే వ్యాపారం కొనసాగుతూ ఉండాలన్న షరతు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఒకప్పుడు ఉండేది. 2000-01 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి దాన్ని ఎత్తేశారు. అసెస్‌మెంట్ ఇయర్ అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఏడాది. ఇప్పుడు సెక్షన్ 72 చూసేది రెండే: నష్టపోయిన మనిషి, లాభం పొందిన మనిషి ఒకరేనా, వచ్చిన లాభం వ్యాపార లాభమేనా అని. హోటల్ నష్టాన్ని క్యాటరింగ్ లాభంలోనే కాదు, రేపు మీరు చెప్పుల షాపు పెట్టినా దాని లాభంలోనూ సర్దుకోవచ్చు. ఉద్యోగం చేసిన ఏడాది జీతంలో మాత్రం సర్దుకోవడానికి వీల్లేదు. అందుకే ఆ ఏడాది నష్టం కదలకుండా అలాగే ఉండిపోయింది.

అసలు మెలిక మీరు రిటర్నులు వేసిన తేదీల్లో ఉంది. నష్టాన్ని ముందుకు తీసుకెళ్లాలంటే, నష్టం వచ్చిన ఏడాది రిటర్ను గడువులోపు వేసి తీరాలని సెక్షన్ 80 చెబుతుంది. 2022-23కు గడువు 2023 జూలై 31. మీరు మూడు రోజుల ముందే వేశారు కాబట్టి ఆ నష్టం భద్రం. మరుసటి ఏడాది గడువు 2024 జూలై 31. డిసెంబరులో వేసిన ఆలస్యపు రిటర్ను రిటర్నుగా చెల్లుతుంది గానీ, అందులో చూపిన వ్యాపార నష్టం మీతో ముందుకు రాదు.

అయితే 2,60,000 మొత్తం పోయిందనుకోకండి. అందులో 80,000 తరుగుదల. లాభం చాలక మిగిలిపోయిన తరుగుదలను చట్టం నష్టంగా చూడదు. సెక్షన్ 32(2) కింద అది ఏటికేడు తర్వాతి ఏడాది తరుగుదలలో కలిసిపోతుంది. దానికి గడువులోపు రిటర్ను అన్న షరతు లేదు, కాలపరిమితీ లేదు. మీకు పోయింది అద్దెలు, జీతాలు, సరుకుల వల్ల వచ్చిన 1,80,000 నష్టమే. చాలామంది రిటర్నుల్లో ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా వేసేసి, తర్వాత తరుగుదలను కూడా పోగొట్టుకుంటారు. మీ లెక్క విడిగా ఉండటం మంచిదైంది.

ఇప్పుడు ఈ ఏడాది లెక్క. వరుస క్రమం చట్టమే పెట్టింది. ముందు ఈ ఏటి తరుగుదల పోవాలి. మీ 16 లక్షలు అది పోగా మిగిలిందే అనుకుంటున్నాను. తర్వాత 2022-23 నష్టంలో తరుగుదల తీసేయగా మిగిలిన పాత వ్యాపార నష్టం 5,00,000, ఆ తర్వాత పాత తరుగుదల 1,40,000, 80,000 కలిపి 2,20,000. ఎనిమిదేళ్లలో కాలం చెల్లిపోయే నష్టాన్ని ముందు వాడనిచ్చి, గడువు లేని తరుగుదలను చివర పెట్టడం పన్ను కట్టేవాడికి మేలే. మొత్తం 7,20,000 తీసేస్తే మీ ఆదాయం 8,80,000. వేరే ఆదాయం లేదనుకుంటే, కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. ఈ సర్దుబాటు చేయకపోతే 16 లక్షల మీద 1,20,000 పన్ను, 4 శాతం సెస్సుతో 1,24,800 కట్టాల్సి వచ్చేది.

ఆ పోయిన 1,80,000 కోసం ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(b) కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం ఆ అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఐదేళ్లలోపు, అంటే మీ విషయంలో 2030 మార్చి 31 లోపు పెట్టాలి. ఆలస్యానికి నిజమైన కారణం, ఆస్పత్రి కాగితాల్లాంటి ఆధారం చూపాలి. కానీ నన్నడిగితే, ఆ శ్రమ మీకు దండగ. ఒకవేళ మన్నించినా ఆ 1,80,000 కూడా ఈ ఏడాది లాభంలోనే కరిగిపోతుంది. పన్ను ఎలాగూ సున్నా అయిన చోట అది ఇంకేం తగ్గిస్తుంది? 'ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాదికి దాచుకుంటా' అనే వెసులుబాటు లేదు. లాభం ఉన్నంత మేరకు పాత నష్టాన్ని సర్దాల్సిందే. ఏడాదికి తొమ్మిది లక్షలు సంపాదించి, రిబేటు వల్ల పన్ను లేకపోయినా, పాత నష్టం ఊరికే కరిగిపోయిందని బాధపడేవాళ్లను చూస్తుంటాను. చట్టం అంతే.

మీ ఆవిడ పేరు మీదకు మార్చే విషయం. 2025-26 లాభం మీ పేరునే ఉంది కాబట్టి ఈ లెక్కకు ఇబ్బంది లేదు, పైగా ఈ ఏడాదితో నష్టమంతా అయిపోతుంది. నష్టం ఇంకా మిగిలి ఉండగానే మార్చి ఉంటే మాత్రం అది మీ దగ్గరే చిక్కుకుపోయేది. ఆవిడ లాభంలో మీ నష్టం సర్దడానికి వీల్లేదు. భాగస్వామ్య సంస్థ పెట్టినా అంతే, సంస్థ లాభం సంస్థదే. కాకపోతే సంస్థ నుంచి మీకు వచ్చే పారితోషికం, పెట్టుబడి మీద వడ్డీ మీ చేతిలో వ్యాపార ఆదాయమే కాబట్టి, పాత నష్టం అక్కడ పనికొచ్చేది.

రిటర్ను ఐటీఆర్-3లో వేయండి. తేలికని ఐటీఆర్-4 జోలికి వెళ్తే అందులో పాత నష్టం చూపడానికి చోటే లేదు. ఐటీఆర్-3లో Schedule CFLలో 2023-24 అసెస్‌మెంట్ ఇయర్ వరుసలో, అంటే మీ 2022-23 నష్టానికి చెందిన వరుసలో, రిటర్ను వేసిన తేదీ, 5,00,000 నష్టం నింపాలి. తరుగుదల 2,20,000 అక్కడ వేయకండి, దానికి Schedule UD వేరే ఉంది.

ఉద్యోగం చేసిన ఏడాది ఏ ఫారం వేశారో మీరు రాయలేదు. జీతమే కదా అని ఐటీఆర్-1 వేసి ఉంటే, ఆ ఏడాది రిటర్నులో పాత నష్టం కనబడదు. దాంతో మీ హక్కు పోదు, ఎందుకంటే అది 2023లో గడువులోపు వేసిన రిటర్నుతోనే వచ్చింది. కానీ బెంగళూరులో రిటర్నులను ప్రాసెస్ చేసే సీపీసీ ఈ గొలుసు తెగిందని సర్దుబాటును కొట్టేసి, పన్ను కట్టమని ఇంటిమేషన్ పంపే అవకాశం ఉంది. అలా వస్తే కంగారుపడి కట్టేయకండి. 2023 జూలై 28 నాటి అక్నాలెడ్జ్‌మెంట్, ఆ రిటర్నుకు వచ్చిన 143(1) ఇంటిమేషన్ జతపెట్టి, సెక్షన్ 154 కింద సవరణ కోరండి. ఆ ఇంటిమేషన్‌లో నష్టం 5,00,000గానే లెక్కగట్టారో లేదో ఇప్పుడే పోర్టల్‌లో తెరిచి చూసుకోండి. తేడా ఉంటే ఈ ఏటి రిటర్ను వేయకముందే మీ ఆడిటర్‌తో మాట్లాడండి.