థర్మిస్టర్ ఓమ్‌లను డిగ్రీల్లోకి మార్చడం ఎలా?

నల్గొండ దగ్గర మా కోళ్ల షెడ్‌లో 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్ పెట్టి ఆర్డినోకు కలిపాను. మధ్యాహ్నం రెసిస్టెన్స్ 5,000 ఓమ్‌లు వస్తోంది. డిగ్రీల్లోకి ఎలా మార్చాలి?

బీటా ఫార్ములా చాలు. డేటాషీట్‌లో బీటా 3950 అని ఉంటే ఇలా రాయండి:

```
float T = 1.0/(1.0/298.15 + log(R/10000.0)/3950.0) - 273.15;
```

298.15 అంటే కెల్విన్‌లో 25 డిగ్రీలే. ఆ వేడి దగ్గరే మీ థర్మిస్టర్ 10,000 ఓమ్‌లు చూపిస్తుంది. చివర్లో 273.15 తీసేస్తే సెల్సియస్ వస్తుంది. మీ 5,000కి లెక్క 41.5 డిగ్రీలు. ఎండాకాలం రేకుల షెడ్‌కు అది మామూలే!

చాలామంది తప్పేది లాగరిథం దగ్గర. ఆర్డినోలో `log()` అంటే సహజ లాగరిథం, మనకు కావాల్సింది అదే. పొరపాటున `log10()` రాస్తే ఇదే రీడింగుకు 32 డిగ్రీలే చూపిస్తుంది. చిక్కేమిటంటే 25 డిగ్రీల దగ్గర రెండూ సరిగ్గానే చెబుతాయి, 1కి లాగరిథం ఎందులోనైనా సున్నాయే కదా. కాబట్టి చల్లటి గదిలో చూసి సరిపోయిందనుకోకండి. సెన్సర్‌కు తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్ తొడిగి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, పక్కనే డిజిటల్ జ్వరం థర్మామీటర్ పెట్టి పోల్చండి. రెండు మూడు డిగ్రీల తేడా వస్తే బీటా విలువను అనుమానించండి. 3435 బీటా ఉన్న రకాలూ దొరుకుతాయి, వాటికి 5,000 ఓమ్‌లంటే 44 డిగ్రీలు.