ఆల్టో 800 టైర్లు: తేదీ ఎక్కడ, ఏ బ్రాండ్?

“145/80 R12 74T టైర్లు కొనాలి. షాపులో బిగించి చూపించిన టైరు మీద DOT ఉంది కానీ తేదీ లేదు. పాత స్టాకా? ఏ బ్రాండ్ నమ్మొచ్చు?”

తేదీ లోపలి వైపు ఉండి ఉంటుంది. పూర్తి DOT కోడ్ చాలా టైర్లకు ఒక వైపే ఉంటుంది, రెండో వైపు సగంలో ఆగిపోతుంది. అందుకే బిగించక ముందే, టైరు నేల మీద ఉండగానే రెండు వైపులా తిప్పి చూడండి.

1. కోడ్ చివరి నాలుగు అంకెలే తేదీ. 1425 అంటే 2025లో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైంది. దాన్ని నెలనుకుని చాలామంది తికమకపడతారు.
2. ప్రతి టైరుకూ విడిగా చూడండి. కొత్తవాటి మధ్య ఒక పాతది కలిపి ఇస్తుంటారు. నేనైతే ఆరు నెలలు దాటినది తీసుకోను.
3. 74 అంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుంది, T అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగ పరిమితి. ఇంతకంటే తక్కువవి వద్దు. ఐఎస్ఐ గుర్తూ ఉండాలి.

బ్రాండ్ అంటారా, ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే వీటిలో ఈ సైజులో తాజా తేదీతో ఏది దొరికితే అది తీసుకోండి. బిల్లు మీద ఆ నాలుగు అంకెలూ రాయించుకోండి.