రెండు గదుల ఇంట్లో డీఎస్సీ చదువు

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం, ఉన్నవి రెండే గదులు. వంట పని నాదే. సాయంత్రం కరెంటు పోతుంది, ఉంటే టీవీ మోగుతుంది. డీఎస్సీకి చదవడానికి టైమ్ ఎలా పెట్టుకోవాలి?

జవాబు: 2012 డీఎస్సీకి నేను చదివింది ఇలాంటి ఇంట్లోనే. అత్తమామలు, మరిది, మేమిద్దరం, రెండేళ్ల బాబు. మొదట 6 నుంచి 8 లెక్కలు, 8 నుంచి 9 సైకాలజీ అని టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించాను. నాలుగు రోజులు కూడా నిలవలేదు. కుళాయి వచ్చేదే 6కి, క్యారేజీలు కట్టాల్సింది 8కి. ఆ కాగితంలో ఇవేవీ లేవు.

అందుకే ఒక వారం పాటు ఇల్లు ఎప్పుడు ఎలా ఉంటుందో రాసుకున్నాను. సాయంత్రం 6 నుంచి 8 దాకా కరెంటు కోత, 8 నుంచి 10 దాకా టీవీ. పూర్తి నిశ్శబ్దం తెల్లవారుజామున 4:15 నుంచి 5:45 వరకే. బాబు పడుకున్నాక మధ్యాహ్నం ఇంకో ముప్పావుగంట. అంతే. ఆ గంటన్నరను కొత్త పాఠానికి, లెక్కలకు తప్ప దేనికీ వాడకూడదని నిర్ణయించుకున్నాను.

ఉదాహరణకు లాభనష్టాలు. తెల్లవారుజామున మూడు మాదిరి లెక్కలు అర్థం చేసుకునేదాన్ని. 20 శాతం లాభంతో 600కి అమ్మితే కొన్నవెల ఎంత? 600లో 20 శాతం తీసేసి 480 అనేదాన్ని మొదట్లో. లాభం లెక్కగట్టేది కొన్నవెల మీద కాబట్టి 600ని 1.2తో భాగించాలి, 500 వస్తుంది. మధ్యాహ్నం అలాంటివే పది బిట్లు చేసేదాన్ని. కూర కలుపుతూ, ఎందుకు భాగించాలో పైకి చెప్పుకునేదాన్ని. కోత టైమ్‌లో గడప దగ్గర కూర్చుని అదే మా మరిదికి చెప్పేదాన్ని, దానికి దీపం అక్కర్లేదు. టీవీ మోగుతుంటే జీకే బిట్లు. మర్నాడు లేవగానే పుస్తకం తెరవకుండా పది నిమిషాలు అవే లెక్కలు. ఎక్కడ ఆగిపోతే అదింకా రానట్టే.

రాత్రి 11 నుంచి 1 దాకా చదవడం కూడా పది రోజులు చేసి చూశాను. ఒకే పేరా మూడుసార్లు చదివినా ఎక్కేది కాదు, పొద్దున పొయ్యి మీద అన్నం మాడేది. మీకూ అలా అవుతుంటే నిద్ర చాలట్లేదని అర్థం, మానేయండి.

త్వరగా పడుకోవాలంటే రాత్రి అంట్లు వేరొకరు తోమాలి. "టీవీ ఆపండి" అంటే మా ఇంట్లో గొడవే అయ్యేది. "అంట్లు మీరు చూడండి, నేను 9:30కి పడుకుంటాను, పొద్దున టిఫిన్ నాది" అన్నాను మా ఆయనతో. దానికి ఒప్పుకున్నారు.

చార్జింగ్ లైట్‌ను మధ్యాహ్నం కరెంటు ఉన్నప్పుడే పెట్టి, తెల్లవారుజాముకే దాచండి. సాయంత్రం కోతకు వాడేస్తే పొద్దున మసకగా వెలుగుతుంది. బాబుకు జ్వరం వచ్చిన రోజుల్లో కొత్త పాఠం వదిలేసి, ఆ పది నిమిషాల లెక్కలు మాత్రం చేసేదాన్ని.