క్యాబ్ రసీదులో టోల్, వెయిటింగ్ విడదీయడం

“రసీదు ఫోటోలు చూసి షీట్ నింపుతుంటే టోల్ రెండుసార్లు పడుతోంది. ఆటోవాటిలో వెయిటింగ్ ఎంతో తెలియట్లేదు.”

ముందు రసీదులో అడుగున ఉన్న మొత్తాన్ని F గడిలో వేయండి. తర్వాత B లో ఛార్జీ, C లో వెయిటింగ్, D లో టోల్, E లో పన్ను. G లో ఇది పెట్టండి:

```
=ROUND(F2-SUM(B2:E2),2)
```

ఉదాహరణకు ఛార్జీ 742, వెయిటింగ్ 36, టోల్ 90, పన్ను 38.90, మొత్తం 906.90 అనుకోండి. G సున్నా రావాలి. -90 వస్తే టోల్ కలిసిన ఉపమొత్తం 832ను మీరు ఛార్జీగా రాసేశారన్నమాట. ఎక్కువగా జరిగేది ఇదే. 90 వస్తే టోల్ వరుస వదిలేశారు, చాలాసార్లు ఫోటో మడతలో పోతుంది.

డ్రైవర్ ఫాస్టాగ్ మెసేజ్ ఫోటో కూడా పంపితే, ఆ టోల్ రసీదులో ఉందేమో చూడండి. ఉంటే మెసేజ్‌ను రుజువుగా జతచేయండి చాలు, వేరే వరుస వద్దు.

ఆటో మీటరు అంకెలో వెయిటింగ్ కలిసే ఉంటుంది. యూపీఐ స్క్రీన్‌షాట్‌లోనూ ఒకే మొత్తం. అంచనాగా విడగొట్టకండి, ఆడిట్‌లో నిలబడదు. ఆ మొత్తాన్ని ఛార్జీ గడిలో వేసి, పక్కన “వెయిటింగ్‌తో కలిపి” అని రాయండి.