నూటికి 8 రూపాయలు మూడు నెలలు కరెక్ట్‌గా ఇచ్చాడు, అక్కడే పడిపోయా

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నూటికి నెలకి 8 రూపాయలు ఇస్తామన్న ఒంగోలు కంపెనీలో పొగాకు డబ్బులు ముందు 1 లక్ష పెట్టా. మూడు నెలలు కరెక్ట్‌గా ఇచ్చేసరికి నమ్మకం కుదిరి ఇంకో 5 లక్షలు పెట్టా. తర్వాత రెండు నెలలిచ్చి ఆఫీసు మూసేశారు. మా బావమరిది చేత 2 లక్షలు నేనే కట్టించా, దానికి 4 వేలు కమిషన్ కూడా తీసుకున్నా. ఇప్పుడు అదే ఏజెంటు వేరే కంపెనీ పేరుతో కావలిలో మా చెల్లెలు వాళ్ళింటికి వస్తున్నాడంట, పొలం అమ్మిన డబ్బు అడుగుతున్నాడు. చుట్టాలందరికీ ఉన్నదున్నట్టు ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నా. ఏం రాయాలి, ఏం చెక్ చేసుకోమని చెప్పాలి?

జవాబు: అన్నా, ఉత్తరంలో మొదట ఆ 4 వేల సంగతే రాయండి. కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు, కానీ అది దాచిపెట్టి మిగతాదంతా రాస్తే మీ బావమరిదికి ఎట్లాగూ తెలుసు కాబట్టి ఆయన నోటి వెంట బయటికొస్తుంది, అప్పుడు మీ ఉత్తరానికి విలువుండదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇట్లాంటి స్కీముల్లో ముక్కూ మొహం తెలియనోడు వచ్చి అడిగితే ఎవరూ ఇవ్వరు, అందుకే మనింట్లో మనిషికే నూటికి రెండో మూడో పడేసి మన నోటితోనే చెప్పిస్తారు. రేపు మీ చెల్లెలికి కూడా ఏ పిన్నో, ఏ వదినో "మాకు ఇస్తున్నారమ్మా" అని చెప్తుంది, అబద్ధం కూడా కాదు, నిజంగానే ఇస్తుంటారు. అప్పుడు "నీకు కమిషన్ ఎంత వదినా" అని అడగమని రాయండి.

రెండోది, మీ లెక్క రూపాయలతో సహా రాయండి. మీకు మొదటి మూడు నెలలు 8 వేల చొప్పున 24 వేలు వచ్చాయి, తర్వాత 6 లక్షల మీద నెలకి 48 వేల చొప్పున రెండు నెలలకి 96 వేలు, మొత్తం 1 లక్షా 20 వేలు. పెట్టింది 6 లక్షలు, పోయింది 4 లక్షలా 80 వేలు. ఈ లెక్క చూపించి, ఆ వచ్చిన 1 లక్షా 20 వేలు వడ్డీ కాదు, మీ అసల్లోంచి తీసి మీకే ఇచ్చారని రాయండి. ఇది చాలామందికి ఎక్కదు, కాబట్టి ఇట్లా చెప్పండి: 6 లక్షలు తీసుకున్నవాడు ఏ వ్యాపారమూ చేయకుండా బీరువాలో పెట్టుకున్నా సరే నెలకి 48 వేల చొప్పున పన్నెండున్నర నెలలు ఇవ్వగలడు. అంటే సంవత్సరం పాటు తేదీ తప్పకుండా ఇచ్చాడన్నది దేనికీ రుజువు కాదు. మీరు మూడు నెలలు టెస్ట్ చేశాననుకున్నారు గదా, ఆ మూడు నెలలు మీకు ఇవ్వడం వాడికి ఖర్చు కాదు, 5 లక్షల కోసం వేసిన ఎర. (ఈ "ముందు కొంచెం పెట్టి చూద్దాం" అనే తెలివి మనకి ఎంత ఉందో వాళ్ళకీ అంతే తెలుసు, దాని మీదే స్కీము కట్టారు.)

ఇక వడ్డీ. మన ఊళ్ళల్లో చేబదులు ఇస్తే నూటికి 2 రూపాయలంటే మామూలు, 3 అంటే ఎక్కువ అంటాం. నూటికి 8 అంటే సంవత్సరానికి 96 శాతం. డిపాజిట్లు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు పర్మిషన్ ఉన్న ఫైనాన్స్ కంపెనీలు కూడా ఏడాదికి 12.5 శాతం మించి ఇవ్వకూడదని రూలు, మన లెక్కలో నూటికి నెలకి రూపాయీ నాలుగు పైసలు. కాబట్టి వచ్చినవాడు ఫైనాన్స్ కంపెనీ అని చెప్పి నూటికి 2 రూపాయలన్నా సరే, అక్కడితో ఆ మాట ఆపేయొచ్చు, ఇంకేమీ చూడక్కర్లేదు.

చెక్ చేసుకోవడం దగ్గరికొస్తే, మీ ఏజెంటు ఖచ్చితంగా లామినేషన్ చేసిన పేపర్లు చూపించి ఉంటాడు, సెంట్రల్ గవర్నమెంట్ సింహాల ముద్ర ఉన్న కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ, పాన్ కార్డు, ఒకోసారి ఐఎస్ఓ కూడా. చాలావరకు అవి అసలైనవే అయి ఉంటాయి, తిరకాసు అక్కడే. కంపెనీ రిజిస్ట్రేషన్ అంటే ఫలానా పేరుతో ఒక కంపెనీ పుట్టింది అని మాత్రమే, మనిషికి బర్త్ సర్టిఫికెట్ ఉన్నట్టు. బర్త్ సర్టిఫికెట్ చూపించి బస్సు నడుపుతానంటే ఒప్పుకుంటామా, లైసెన్స్ ఏదీ అంటాం. జనం దగ్గర డబ్బు తీసుకోవడానికి లైసెన్స్ వేరే. అందుకని చుట్టాలందరికీ ఒక్క ప్రశ్న నేర్పండి: "మా దగ్గర డబ్బు తీసుకోమని మీకు పర్మిషన్ ఇచ్చింది ఎవరు?"

డిపాజిట్, వడ్డీ అంటే రిజర్వు బ్యాంకు పేరు చెప్పాలి. వాళ్ళ sachet.rbi.org.in లో కంపెనీ పేరు కొట్టి చూడండి, దొంగ స్కీము మీద కంప్లైంటు కూడా అందులోనే పెట్టొచ్చు. రిజర్వు బ్యాంకులో రిజిస్టర్ అయిన కంపెనీలన్నిటికీ డిపాజిట్లు తీసుకునే హక్కు లేదు, చాలావాటికి అప్పులు ఇచ్చే పర్మిషన్ మాత్రమే ఉంటుంది, ఆ తేడా చూసుకోవాలి. షేర్లు, ట్రేడింగ్ అంటే షేర్ మార్కెట్‌ని అదుపు చేసే గవర్నమెంటు సంస్థ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి sebi.gov.in లో చూడాలి. నంబరు దొరికినా సంబరపడొద్దు, వేరేవాళ్ళ నంబరు వాడుకునే దొంగలు ఉన్నారు, కాబట్టి ఏజెంటు కార్డు మీద ఉన్న ఫోనుకి కాకుండా సెబీ సైట్లో ఉన్న ఫోనుకి చేసి ఫలానా మనిషి మీవాడేనా అని అడగాలి. అసలు సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడు నెలకి ఇంత గ్యారంటీ అని చెప్పకూడదు, చెప్పాడంటే నంబరు వాడిది కానట్టే అనుకోండి. చిట్టీ అంటే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర ఆ చిట్టీ గ్రూపు రిజిస్టర్ అయి ఉండాలి, కంపెనీ రిజిస్టర్ అయితే సరిపోదు. ఈ మూడింట్లో ఏదీ కాదు, మాది "బిజినెస్ పార్ట్‌నర్‌షిప్", "మెంబర్‌షిప్" అని మాట తిప్పాడనుకోండి, ఇంకేం అడగక్కర్లేదు. పేరు మార్చి డిపాజిట్లు వసూలు చేసేవాళ్ళ కోసమే 2019లో అనుమతి లేని డిపాజిట్ స్కీములన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చారు. తెలిసి మాయమాటలు చెప్పి ఇంకొకరిని చేర్పించడం కూడా ఆ చట్టంలో నేరమే. మీరు తెలిసి చేయలేదు, నాకు అర్థమైంది, కానీ మీ చుట్టాల్లో ఇప్పుడు కమిషన్ కోసం ఉబలాటపడేవాళ్ళకి ఈ ముక్క తెలియాలి.

ఇంకోటి, మీరు డబ్బు ఎవరి అకౌంటుకి పంపారో చూసి అది కూడా ఉత్తరంలో రాయండి. నా దగ్గరికి వచ్చిన ఇట్లాంటి కేసుల్లో ఎక్కువ భాగం కంపెనీ పేరుకి కాదు, ఏజెంటు ఫోన్ నంబరుకో, వాళ్ళావిడ అకౌంటుకో వెళ్ళాయి. చేతిలో బాండు పేపరు, తేదీ వేయని చెక్కు ఉన్నాయి గదా అని ధైర్యంగా ఉంటారు, అకౌంటులో డబ్బు లేని చెక్కు ఎన్ని ఉంటే మాత్రం ఏం లాభం.

మీ డబ్బు సంగతి. బ్యాంకు స్టేట్‌మెంటు, బాండు, వాట్సాప్ మెసేజీలు తీసుకుని మీరు, మీ బావమరిది, కట్టినవాళ్ళందరూ కలిసి పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా కంప్లైంటు ఇవ్వండి. కంపెనీ ఆస్తులు జప్తు చేయడానికి మన రాష్ట్రంలో 1999 డిపాజిటర్ల చట్టం ఉంది, కానీ త్వరగా వస్తాయని ఆశ పెట్టుకోకండి. అగ్రిగోల్డ్ చూశారు గదా, కంపెనీ మునిగిన కొన్నేళ్ళకి గానీ కదల్లేదు, 10 వేల లోపు కట్టిన చిన్నవాళ్ళకి గవర్నమెంటు డబ్బులివ్వడం మొదలుపెట్టింది 2019లో, 20 వేల లోపు వాళ్ళకి 2021లో. ఈ మధ్యలో ఎవడన్నా ఫోన్ చేసి 10 శాతం ఫీజు ముందు కడితే మీ డబ్బు తెప్పిస్తా అంటే ఫోన్ పెట్టేయండి, పోగొట్టుకున్నవాళ్ళ లిస్టు కూడా అమ్ముకుంటారు వీళ్ళు.

ఉత్తరం సంగతి అట్లా ఉంచి మీ చెల్లెలి దగ్గరికి మాత్రం మీరే కావలి వెళ్ళండి, ఫోన్లో చెప్తే ఏజెంటు పక్కనే కూర్చుని ఉండొచ్చు. పొలం డబ్బు బ్యాంకులోనే ఉంటే ఈలోగా 91 రోజుల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించండి, వడ్డీ కోసం కాదు, "ఇప్పుడు చేతిలో లేవు" అని ఆమె మొహమాటం లేకుండా చెప్పడానికి. వెళ్ళేటప్పుడు మీ బావమరిదిని కూడా తీసుకెళ్ళండి, ఆయన వస్తానంటే.