సైట్‌లో దెబ్బ తగిలిన ఉద్యోగి జీపీఏ క్లెయిమ్‌కి కంపెనీ లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ. మా మేస్త్రీ ఒకతను పరంజా మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. ఉద్యోగులందరికీ గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్, అంటే జీపీఏ పాలసీ ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఫారంతో పాటు ఎంప్లాయర్ లెటర్ కావాలంటున్నారు. అందులో ఏం రాయాలి? ఆస్పత్రి బిల్లు 62,000 అయింది, అదంతా వస్తుందా?

జవాబు:

బిల్లంతా రాకపోవచ్చు. లెటర్ రాసే ముందు ఈ విషయం తేల్చుకోండి, ఎందుకంటే లెటర్‌లో ఏం అడగాలో దాన్ని బట్టే ఉంటుంది. జీపీఏ అంటే ఆస్పత్రి బిల్లు కట్టే మెడిక్లెయిమ్ కాదు. ప్రమాదంలో చనిపోతే, అవయవం పోతే, లేదా కొన్నాళ్లు ఏ పనీ చేయలేని స్థితి వస్తే ముందే ఒప్పుకున్న మొత్తం ఇచ్చే పాలసీ అది. విరిగిన ఎముక అతుక్కునేదైతే మీకు పనికొచ్చేది తాత్కాలిక పూర్తి అశక్తత కింద వచ్చే వారపు పరిహారం. సైట్ ఆఫీసుల్లో దీన్ని టీటీడీ అంటారు. పాలసీ షెడ్యూల్‌లో ఈ కవర్ ఉందా లేదా ముందు చూడండి. ప్రీమియం తగ్గించుకోవడానికి దీన్ని తీసేసిన పాలసీలు చాలానే ఉంటాయి. వైద్య ఖర్చులు కూడా అదనపు కవర్‌గా తీసుకుంటేనే వస్తాయి.

లెక్క ఇలా ఉంటుంది. మీ మేస్త్రీ బీమా మొత్తం 5 లక్షలు అనుకుందాం. పాలసీలో వారానికి 1 శాతం, గరిష్ఠంగా 5,000 అని ఉందనుకుందాం. 2025 మార్చి 10న పడ్డాడు, మే 5న డాక్టర్ ఫిట్‌నెస్ ఇచ్చాడు. మార్చి 10 నుంచి మే 4 దాకా 56 రోజులు, అంటే 8 వారాలు, 40,000. ఇప్పుడు మస్టర్ తీసి చూడండి. చెయ్యి పూర్తిగా బాగుపడకపోయినా స్టోర్ దగ్గర కూర్చోబెడదామని ఏప్రిల్ 28 నుంచే అతన్ని పిలిచి హాజరు వేశారనుకోండి. అప్పుడు అశక్తత ఏప్రిల్ 27తో ముగిసినట్టే. 49 రోజులు, 7 వారాలు, 35,000. ‘పూర్తి అశక్తత’ అంటే ఏ పనీ చేయలేకపోవడం. కూర్చుని చేసే పని చేసినా ఇన్సూరెన్స్ వాళ్లు ఆ రోజులు కొట్టేస్తారు. మీరు లెటర్‌లో మే 4 అని రాసి, జతపరిచిన మస్టర్‌లో ఏప్రిల్ 28 నుంచి ‘పి’ ఉంటే ఆ వారం పోవడం ఒక్కటే కాదు, లెటర్ మీద నమ్మకమే పోతుంది.

వైద్య ఖర్చుల కవర్ ఉన్నా దానికి పరిమితి ఉంటుంది. ‘ఆమోదించిన క్లెయిమ్‌లో 40 శాతం లేదా బీమా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అది’ అన్న తరహా షరతు మీ పాలసీలో ఉందనుకోండి. 35,000లో 40 శాతం 14,000. 5 లక్షల్లో 10 శాతం 50,000. కాబట్టి 62,000 బిల్లుకి వచ్చేది 14,000. ఇది మేస్త్రీకి ముందే చెప్పడం మంచిది. ఈ శాతాలు పాలసీకో రకంగా ఉంటాయి కాబట్టి మీ షెడ్యూల్‌లో ఉన్నవే పట్టుకోండి.

ఇక లెటర్. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ చాలు. మామూలుగా ఇంగ్లీషులోనే పంపుతారు. విషయం మాత్రం ఇదీ:

> విషయం: జీపీఏ పాలసీ నం. ____ కింద ప్రమాద క్లెయిమ్ – శ్రీ ____, ఉద్యోగి నం. ____
>
> పై ఉద్యోగి ____ తేదీ నుంచి మా సంస్థలో మేస్త్రీగా పనిచేస్తున్నారు. పాలసీకి జతచేసిన ఉద్యోగుల జాబితాలో వీరి వరుస సంఖ్య ____, బీమా మొత్తం రూ. 5,00,000.
>
> 10-03-2025 ఉదయం సుమారు 11.20కి ____ సైట్‌లో, బ్లాక్ బి రెండో అంతస్తు బయటి గోడ ప్లాస్టరింగ్ చేస్తుండగా, కాలి కింద పరంజా చెక్క జారి సుమారు 8 అడుగుల ఎత్తు నుంచి కిందపడ్డారు. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆ సమయంలో డ్యూటీలో ఉన్నారు. ప్రత్యక్షంగా చూసినవారు: ____, ____.
>
> అదే రోజు ____ ఆస్పత్రిలో చేర్చాము. 10-03-2025 నుంచి 27-04-2025 వరకు విధులకు హాజరు కాలేదు. మార్చి, ఏప్రిల్ నెలల మస్టర్, వేతన పట్టీ జతచేశాము.
>
> క్లెయిమ్ మొత్తాన్ని ఉద్యోగి బ్యాంకు ఖాతాకు జమచేయవలసిందిగా కోరుతున్నాము.

కింద అధీకృత సంతకం, హోదా, కంపెనీ సీలు. చివరి వాక్యం కావాలనే పెట్టాను. పాలసీ తీసుకున్నది కంపెనీ కాబట్టి, ఏమీ చెప్పకపోతే డబ్బు కంపెనీ ఖాతాకే రావచ్చు. నేరుగా ఉద్యోగికి పంపమంటే అతని పేరున్న క్యాన్సిల్ చేసిన చెక్కు కూడా జతచేయండి.

ఈ లెటర్‌ని ఎవరూ విడిగా చదవరు. పక్కన ఆస్పత్రి మొదటి చీటీ పెట్టుకుని చదువుతారు. క్లెయిమ్ ఎక్కువగా ఆగేది అక్కడే. తీసుకెళ్లిన తోటి కూలీ క్యాజువాలిటీలో ‘కళ్లు తిరిగి పడ్డాడు’ అని చెబితే, డ్యూటీ డాక్టర్ అదే రాస్తాడు. దాంతో అది ప్రమాదమా, జబ్బు వల్ల పడ్డాడా అన్న ప్రశ్న పుడుతుంది. ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాసి ఉంటే ఇంకో గొడవ: పాలసీ 24 గంటలదైతే ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ, డ్యూటీ సమయానికే పరిమితమైతే క్లెయిమ్ పోతుంది. మద్యం వాసన వస్తోందని రాస్తే క్లెయిమ్ పోవడానికి ఆ ఒక్క లైనే చాలు. అందుకే లెటర్ టైప్ చేయకముందే ఆ చీటీ నకలు తెప్పించుకోండి. తేడా ఉంటే లెటర్‌ని దానికి తగ్గట్టు మార్చకండి. చూసినవాళ్ల వాంగ్మూలం తీసుకుని, ఆ తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో రాయండి.

డాక్టర్ సర్టిఫికెట్‌లో ‘విశ్రాంతి అవసరం’ అని ఉంటే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేయలేకపోయాడో ఉండాలి. ఎక్స్‌రే ఫిల్మ్ మీద పేరు, తేదీ కనిపించాలి. సెట్టు మొత్తం ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద అందినట్టు సీలు వేయించుకోవడం మర్చిపోకండి.

మీ మేస్త్రీ ప్రమాదానికి నెల ముందే చేరాడా? అయితే అతని పేరు చేర్చిన ఎండార్స్‌మెంట్ తేదీ చూడండి. పేర్ల జాబితా మీద నడిచే పాలసీలో, ప్రమాదం తర్వాత తేదీతో పేరు చేర్చినా ప్రయోజనం ఉండదు. అతను సబ్ కాంట్రాక్టర్ మనిషైతే మీ పాలసీలో అసలు ఉండకపోవచ్చు. అప్పుడు ఆ కాంట్రాక్టర్ పాలసీ అడగాలి.

సమాచారం ఆలస్యంగా ఇచ్చారా? ఎందుకు ఆలస్యమైందో లెటర్‌లోనే రాయండి. నిజమైన క్లెయిమ్‌ని, తప్పనిసరి కారణాల వల్ల జరిగిన ఆలస్యం ఒక్కటే చూపి తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. అలాగని కారణం రాయకుండా వదిలేస్తే దాని మీద వాదించడానికి మీకేమీ మిగలదు.

చివరిగా, ఇన్సూరెన్స్ వాళ్లు సంతకానికి ఇచ్చే డిశ్చార్జ్ వోచర్. ‘పూర్తి, తుది పరిష్కారం’ అని దాని మీద ఉంటుంది. సంతకానికి ముందు మేస్త్రీ చెయ్యి తిప్పి చూపించమనండి. మణికట్టు బిగుసుకుపోయి తాపీ పట్టుకోలేకపోతున్నాడంటే అది శాశ్వత పాక్షిక వైకల్యం కావచ్చు. దానికి వేరే శాతాల పట్టిక ఉంటుంది, ప్రభుత్వ ఆస్పత్రి వైకల్య సర్టిఫికెట్ అడుగుతారు. వైకల్యం ప్రమాదం జరిగిన 12 నెలల్లోపు తేలాలని చాలా పాలసీల షరతు. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, ఎముకల డాక్టరుకి చూపించాకే వోచర్ మీద సంతకం పెట్టించండి.